పెళ్లి పందిట్లో రెండు అనుమానాలు

పెళ్లికొచ్చిన ఇద్దరు అతిథులు సాయంత్రమంతా పక్కపక్కనే కూర్చుంటారు. అవతలి మనిషి మర్యాద కోసమే మాట్లాడుతున్నారని ఇద్దరికీ లోపల ఒకటే అనుమానం. ఇంత చిన్న విషయంతో కథ రాయొచ్చు. ఎందుకంటే ఆ అనుమానం మనందరికీ ఉన్నదే.

ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్తగా పరిచయమై మాట్లాడుకున్నవాళ్లు, తాము అవతలివాళ్లకు అంతగా నచ్చలేదేమో అనుకుంటారని, నిజానికి అంతకన్నా ఎక్కువే నచ్చుతారని అందులో తేలింది. దీనికి ‘లైకింగ్ గ్యాప్’ అని పేరు పెట్టారు. ఆ సంభాషణల వీడియోలు చూసిన బయటివాళ్లు మాత్రం ఇష్టాన్ని పోల్చుకోగలిగారు. మాట్లాడుతున్నవాళ్లకు తమ తప్పొప్పుల మీదే ధ్యాస ఉండడంతో అది కంటపడలేదు. కథలో ఆ బయటివాళ్ల చోటు పాఠకుడిది.

ఉదాహరణకు లలిత పెళ్లికూతురి స్నేహితురాలు, రఘు పెళ్లికొడుకుతో పనిచేసేవాడు అనుకుందాం. ముహూర్తం రాత్రి 11.40కి. లలిత మాటిమాటికీ ఫోన్ చూస్తుంటే, విసుగొచ్చిందనుకుంటాడు రఘు. ఆమె మాత్రం ఆఖరి బస్సు వదిలేసి, ఆలస్యమవుతుందని అమ్మకు మెసేజ్ పెడుతోంది. రఘు పదేపదే వేదిక వైపు తిరుగుతుంటే, ఎవరికోసమో చూస్తున్నాడనుకుంటుంది లలిత. ఫొటోకి పిలిచినా తాను లేవలేదని అతను చెప్పడు. తాళి కట్టే వేళకు గట్టిమేళం మోగుతుంది. “మళ్లీ ఎప్పుడు కలుస్తాం?” అని లలిత అడిగింది ఆ హోరులో కలిసిపోతుంది. అతను వేదిక వైపు చూస్తూ అక్షింతలు వేస్తాడు. జవాబు ఇవ్వడం ఇష్టంలేదని ఆమె సర్దుకుంటుంది.

ఇక్కడ పెళ్లి కథకు అవసరమైన పని చేస్తోంది. ముహూర్తం గడువు పెట్టింది, మేళం మాటను మింగింది. చుట్టూ బంధువులు ఉండబట్టి మనసులో మాట సూటిగా అడిగే వీలు లేకుండా పోయింది. ఆ అడ్డు లేకపోతే “ఒక్కమాట అడిగితే సరిపోయేదిగా” అని పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

ఇలాంటి కథలు ఎక్కువగా రెండుచోట్ల చెడిపోతాయి. అపార్థాలు వరసపెట్టి పేర్చితే నాటకంలా ఉంటుంది. రెండు మూడు చాలు. “నిజానికి అతనికి ఆమె ఇష్టమే” అని రచయితే చెప్పేస్తే పాఠకుడికి కనిపెట్టడానికి ఏమీ మిగలదు. రాశాక ఒక పరీక్ష చేయండి. అనుమానాన్ని చెప్పే వాక్యాలన్నీ కొట్టేసి చదవండి. బస్సు వదిలేయడం, ఫొటోకి లేవకపోవడం చూసి ఇష్టం తెలిసిపోతే, కథ నిలబడినట్టే.