పంచాంగాన్ని బట్టి అమ్మకాల బడ్జెట్

బట్టల దుకాణాల చైన్‌లో వచ్చే ఏడాది టార్గెట్ వేయడానికి అందరికీ ముందు తోచే పద్ధతి, కిందటేడాది ప్రతి నెల అమ్మకానికీ పది శాతం కలపడం. తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క తప్పుతుంది. కొనుగోళ్లు నడిచేది ఇంగ్లిషు నెలల మీద కాదు, పండుగల మీద, ముహూర్తాల మీద. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది కాబట్టి బతుకమ్మ, దసరా కొనుగోళ్లు చాలావరకు సెప్టెంబరులోనే జరిగాయి. 2026లో దసరా అక్టోబరు 20న. ఆ సెప్టెంబరు అంకెకు పది శాతం కలిపి 2026 సెప్టెంబరు టార్గెట్‌గా ఇస్తే స్టోరు మేనేజరు అకారణంగా మాట పడతాడు, అక్టోబరులో అదే మేనేజరు ఏ కష్టమూ లేకుండా ఇన్సెంటివ్ అందుకుంటాడు. పైగా 2026 మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం. ఆ నెల పెళ్లిళ్లు ఉండవు, ఆషాఢం, శ్రావణం కూడా వెనక్కి జరుగుతాయి.

అందుకే బడ్జెట్‌లో వరసలు నెలలుగా కాక సీజన్లుగా ఉండాలి: సంక్రాంతి, పెళ్లిళ్లు, ఆషాఢం, శ్రావణం, దసరా-దీపావళి, మిగిలిన రోజులు. ప్రతి సీజన్‌నూ పండుగ తేదీ నుంచి వెనక్కి వారాలుగా లెక్కించి, ఆ వారాలనే కిందటేటి అవే వారాలతో పోల్చాలి. అంకెలన్నీ జీఎస్టీ తీసేసినవే కావాలి. అయిదు శాతం పన్ను ఉన్న చీర బిల్లు 1,050 రూపాయలైతే అమ్మకం 1,000 మాత్రమే.

తర్వాతది ఏ స్టోరుకు ఎంత అన్నది. ఊహకు ఒక చైన్ తీసుకుందాం. భీమవరంలో ఒక స్టోరు, వరంగల్‌లో ఒకటి, ఒక్కోదాని ఏటి అమ్మకం 6 కోట్లు. కోస్తాలో సంక్రాంతి పెద్ద పండుగ, హైదరాబాదు నుంచీ విదేశాల నుంచీ జనం ఊళ్లకు వచ్చేది అప్పుడే. తెలంగాణలో ఆ స్థానం దసరాది. భీమవరంలో ఏటి అమ్మకంలో 28 శాతం సంక్రాంతికే జరిగితే, వరంగల్‌లో 12 శాతమే అనుకుందాం. హెడ్డాఫీసు ఈ రెండింటి సగటు 20 శాతం పట్టుకుని చెరి 1.20 కోట్ల టార్గెట్ ఇచ్చి, ఆ మేరకే సరుకు పంపింది. నిజానికి భీమవరానికి కావలసింది 1.68 కోట్లు, వరంగల్‌కు 72 లక్షలు. ఒకచోట 48 లక్షల సరుకుకు కొరత, మరోచోట అంతే మిగులు. చైన్ మొత్తం అంకె మాత్రం కాగితం మీద సరిగ్గానే కనిపిస్తుంది!

ఆ మిగులు చివరికి డిస్కౌంటులోకి వెళ్తుంది, మార్జిన్ అంచనా తప్పేది అక్కడే. 600కు కొని 1,000కి అమ్మే చీర మీద మార్జిన్ 400. ఇరవై శాతం తగ్గిస్తే ధర 800, మిగిలేది 200. తగ్గించింది అయిదో వంతే అయినా లాభం సగానికి పడిపోయింది. మునుపటి రూపాయలే రావాలంటే రెట్టింపు చీరలు అమ్మాలి. కాబట్టి ఏడాది మొత్తానికి ఒకే మార్జిన్ శాతం రాయకూడదు. వరంగల్ స్టోరు ఆషాఢంలో 50 లక్షలు అమ్మి 25 శాతం మార్జిన్ తెస్తే వచ్చేది 12.5 లక్షలు. దసరా-దీపావళికి 1.80 కోట్లు అమ్మి 38 శాతం తెస్తే 68.4 లక్షలు. ఆషాఢం పని లాభం తేవడం కాదు, పాత సరుకును కదిలించి శ్రావణానికి డబ్బూ చోటూ ఇవ్వడం.

సిబ్బంది ఖర్చును చాలాచోట్ల అమ్మకంలో ఇంత శాతమని బిగిస్తారు. అది చిక్కు తెస్తుంది. అదే స్టోరులో పాతికమంది పర్మనెంటు సిబ్బందికి పీఎఫ్, ఈఎస్ఐ కలిపి నెలకు 4.5 లక్షలు అవుతుందనుకుంటే, ఆషాఢ మాసంలో అది అమ్మకంలో 9 శాతం. ఏడు శాతమే ఉండాలంటే మడతలు విప్పి చూపించడంలో చేయి తిరిగిన సేల్స్‌మెన్‌ను తీసేయాలి, దసరాకు వాళ్లు తిరిగి దొరకరు. ఆరు వారాల దసరా-దీపావళి సీజన్‌కు పర్మనెంటు జీతాలు 6.75 లక్షలు. పదిహేను మంది తాత్కాలిక సిబ్బందికి రోజుకు 600 చొప్పున 40 రోజులకు 3.6 లక్షలు. మొత్తం 10.35 లక్షలైనా అమ్మకంలో ఆరు శాతం లోపే. తాత్కాలికులను తగ్గించి ఉన్నవాళ్లచేత అదనపు గంటలు చేయిస్తే, చట్టం ప్రకారం ఆ గంటలకు రెట్టింపు జీతం ఇవ్వాలి, పొదుపు అక్కడే పోతుంది.

సీజన్ నడుస్తుండగా బడ్జెట్ ఎక్కడ తప్పుతోందో వారానికోసారి రెండు అంకెలు చెబుతాయి: బిల్లుల సంఖ్య, సగటు బిల్లు. తలుపు దాటి వచ్చేవాళ్లు తగ్గకుండా బిల్లులు తగ్గితే, చూపించేవాళ్లు చాలడం లేదేమో ముందు చూడాలి. బిల్లులు అన్నే ఉండి సగటు పడితే ఖరీదైన సరుకు లేదనో, డిస్కౌంటు ఎక్కువైందనో అర్థం. మొదట వేసిన బడ్జెట్‌ను దిద్దకుండా, సవరించిన అంచనాను పక్క గడిలో రాసుకోవాలి. దిద్దితే ఎంత తప్పామన్నది వచ్చే ఏడు లెక్క వేసేవాళ్లకు దొరకదు.