సొంతవాళ్ల రక్తమైతే రేడియేషన్ తప్పదు

"బయటివాళ్ల రక్తం వద్దండీ, నా కొడుకున్నాడు, వాడిదే ఎక్కించండి." ఆపరేషన్‌కి ముందు చాలామంది తల్లులు అనే మాటే ఇది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. వైద్యపరంగా చూస్తే మాత్రం గ్రూపు కలిసిన అపరిచితుడి రక్తం కంటే కన్నకొడుకు రక్తంతోనే ప్రమాదం ఎక్కువ.

చిక్కంతా తెల్లకణాల్లో ఉంది. రక్తం ప్యాకెట్‌లో మనకు కావలసిన ఎర్రకణాలతోపాటు దాత తెల్లకణాలు కూడా వందకోట్ల దాకా వస్తాయి. వాటిలో టి-లింఫోసైట్లనే రకానికి తనవి కాని కణాలను పసిగట్టి చంపడమే పని. మామూలుగా రోగి ఒంట్లోని రక్షణ వ్యవస్థ వీటిని పరాయివిగా గుర్తించి కొద్దిరోజుల్లోనే తుడిచిపెట్టేస్తుంది. గుర్తించలేకపోతేనే ముప్పు.

కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులుంటాయి. తల్లి నుంచి ఒక జట్టు, తండ్రి నుంచి ఒక జట్టు వస్తాయి. ఒక తల్లికి 'క', 'గ' జట్లు ఉన్నాయనుకుందాం. ఆమెది మేనరికం. భర్త కూడా అదే వంశంవాడు కాబట్టి ఆయనకూ ఒక 'క' ఉంది. కొడుక్కి ఇద్దరి నుంచీ 'క' లే వచ్చాయి. ఇప్పుడు అతని రక్తం తల్లికెక్కిస్తే, ఆమె ఒంటికి ఆ కణాల మీద కనిపించేది తన 'క' గుర్తే. కొత్తదేమీ లేదు కాబట్టి అడ్డుకోదు. కొడుకు లింఫోసైట్లకు మాత్రం తల్లి కణాల మీదున్న 'గ' పరాయిదే. అవి ఆమె ఒంట్లో స్థిరపడి, పెరిగి, దాడికి దిగుతాయి. మేనరికాలు మామూలైన మన ప్రాంతంలో ఈ లెక్క తెలిసి ఉండాలి. మేనరికం లేకపోయినా రక్తసంబంధీకుల మధ్య ఇలాంటి కలయిక అవకాశం ఎక్కువే.

8, 10 రోజులకు జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. కాలేయం దెబ్బతింటుంది. మందు పడలేదేమో, ఇన్‌ఫెక్షనేమో అనుకుంటూండగానే రక్తకణాల సంఖ్య పడిపోతుంది. ఎముక మజ్జ కూడా దాడికి గురవడమే కారణం. రోగి రక్తంలో దాత డీఎన్‌ఏ కనిపిస్తే జబ్బు ఇదేనని తేలుతుంది. తేలినా చేయగలిగింది తక్కువ. 100 మందిలో 90 మందికి పైగా చనిపోతారు. జపాన్‌లో గుండె ఆపరేషన్లకు బంధువుల తాజా రక్తం వాడిన రోజుల్లో, రోగనిరోధక శక్తి బాగానే ఉన్నవాళ్లు సైతం ఇలా పోయారు. తాజా రక్తంలో లింఫోసైట్లు చురుగ్గా ఉంటాయి మరి.

దీన్ని ఆపేది ఇర్రేడియేషన్. ప్యాకెట్‌ను యంత్రంలో పెట్టి గామా లేదా ఎక్స్ కిరణాలతో 25 గ్రే మోతాదు ఇస్తారు. లింఫోసైట్లు బతికే ఉంటాయి కానీ విభజన చెందలేవు, కాబట్టి పెరగలేవు. రక్తంలో రేడియేషన్ మిగిలిపోదు, ఎక్కించుకున్నవారికి ఆ భయం అక్కర్లేదు.

బంధువులు ఇచ్చిన రక్తానికే కాదు, ఎదిరించే శక్తి లేనివారికి ఎవరి రక్తమైనా ఇలా చేశాకే ఎక్కించాలి. కడుపులో ఉండగానే రక్తం ఎక్కించే శిశువులు, పుట్టుకతో టి-కణాల లోపమున్న పిల్లలు, మూలకణ మార్పిడి రోగులు, హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్నవారు, ఫ్లుడారబిన్ లాంటి మందులు వాడినవారు ఈ కోవలోకి వస్తారు. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం హాడ్జ్‌కిన్, ఫ్లుడారబిన్ రోగులకు చికిత్స ముగిసి ఏళ్లయినా ఈ నియమం జీవితాంతం వర్తిస్తుంది. ఇబ్బందేమిటంటే, పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో కాలు విరిగి చేరినప్పుడు అక్కడి డాక్టరుకు ఆ సంగతి తెలియదు. చెప్పాల్సింది రోగి, ఇంటివాళ్లే. ఆ మందు పేరున్న చీటీ దగ్గరుంచుకోవాలి.

మరి తెల్లకణాలను ఫిల్టర్‌తో తీసేస్తే సరిపోదా? సరిపోదు. మంచి ఫిల్టర్ వాడాక కూడా ప్యాకెట్‌లో కొన్ని లక్షల తెల్లకణాలు మిగులుతాయి. అమెరికా ప్రమాణం 50 లక్షల లోపు. పైన చెప్పిన జబ్బును కచ్చితంగా ఆపడానికి అది చాలదు. ఫిల్టర్ ప్రయోజనం వేరు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు ఫిల్టర్ చేసిన రక్తమైతే చలిజ్వరాలు బాగా తగ్గుతాయి. తెల్లకణాలు నిల్వలో ఉండగానే జ్వరం తెచ్చే పదార్థాలను వదులుతాయి కాబట్టి, మంచం దగ్గర ఫిల్టర్ తగిలించడం కంటే సేకరించిన వెంటనే వడకట్టడమే మేలు. లుకేమియా రోగుల ఒంట్లో హెచ్‌ఎల్‌ఏ మీద యాంటీబాడీలు తయారై, ఎక్కించిన ప్లేట్‌లెట్లు నిలవకుండా పోయే సమస్య కూడా దీనివల్ల తగ్గుతుంది. తలసీమియా పిల్లలకు ఇర్రేడియేషన్ మామూలుగా అక్కర్లేదు. దాత బంధువైతేనో, మజ్జ మార్పిడి జరిగితేనో కావాలి.

అందరికీ రెండూ చేసేస్తే పోలా అంటే, రేడియేషన్ వల్ల ఎర్రకణాల పొరలు దెబ్బతిని, నిల్వ ఉన్నకొద్దీ పొటాషియం బయటికి కారుతుంది. పెద్దలకు సాధారణంగా ఫర్వాలేదు. పసికందుకు ఒకేసారి ఎక్కువ రక్తం ఎక్కిస్తే మాత్రం ఆ పొటాషియం గుండెను ఆపగలదు. అందుకే అప్పుడే పుట్టిన బిడ్డకు రక్తమార్పిడి చేసేటప్పుడు, రేడియేషన్ ఇచ్చిన 24 గంటల లోపే ఆ ప్యాకెట్ వాడేస్తారు.