ఈ రోడ్డు కొత్తగా ఎవరినైనా కలిపిందా?

ఆరు ఊళ్లున్నాయి. వాటి మధ్య రోడ్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. రోడ్డు పడ్డప్పుడల్లా ఒకటే ప్రశ్న: ఒకదానితో ఒకటి కలవకుండా ఇంకా ఎన్ని గుంపులు మిగిలాయి? ఆరు ఊళ్లయితే కాగితం మీద గీసి చెప్పేయవచ్చు. పది లక్షల ఊళ్లయితే, ప్రతి రోడ్డుకూ పటమంతా మళ్లీ తిరిగి లెక్కపెట్టడం కంప్యూటర్‌కైనా భారమే. బెర్నార్డ్ గాలర్, మైకేల్ ఫిషర్ 1964లో ప్రచురించిన పద్ధతి ఆ తిరుగుడును తప్పించింది. దాన్నే ఇప్పుడు యూనియన్-ఫైండ్ అంటున్నారు.

ప్రతి ఊరూ తన పైనున్న ఊరి నంబరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది. పైన ఎవరూ లేని ఊరు తన నంబరే రాసుకుంటుంది. అదే ఆ గుంపుకు పెద్ద. మొదట్లో ఎవరికి వారే పెద్ద, కాబట్టి గుంపులు 6. రోడ్డు పడితే రెండు చివరల పెద్దలనూ వెతకాలి. ఇద్దరూ వేరైతే ఒకరిని మరొకరి కింద చేర్చి లెక్కలో ఒకటి తగ్గించాలి.

1-2 రోడ్డు పడింది, గుంపులు 5. 3-4 పడింది, 4. తర్వాత 1-3 పడింది. 3 వెళ్లి 1 కింద చేరింది, గుంపులు 3. ఇప్పుడు 2-4 పడిందనుకుందాం. 2 పైన 1 ఉంది. 4 పైన 3, దాని పైన 1. ఇద్దరికీ పెద్ద ఒకరే కనుక లెక్క మారదు. కొత్తగా రాసేవాళ్లు పొరపడేది సరిగ్గా ఇక్కడే: రోడ్డు పడింది కదా అని ఒకటి తగ్గించేస్తారు. గుంపుల సంఖ్య సున్నాకో, అంతకంటే కిందికో పోయిందంటే తప్పు ఇదేనని తెలిసిపోతుంది. చివరగా 5-6 పడితే మిగిలేవి 2 గుంపులు.

ఎవరి కింద ఎవరిని చేర్చాలన్నది చిన్న విషయం కాదు. ఎలా పడితే అలా చేర్చుకుంటూ పోతే గొలుసులా సాగి, అట్టడుగు ఊరు తన పెద్దను చేరడానికి లక్షల మెట్లు ఎక్కాల్సి రావచ్చు. అందుకే ప్రతి పెద్దకూ ర్యాంకు అనే అంకె ఇస్తారు. తక్కువ ర్యాంకున్నది ఎక్కువ ర్యాంకు కింద చేరుతుంది. రెండూ సమానమైతేనే, పెద్దగా మిగిలినదాని ర్యాంకు ఒకటి పెరుగుతుంది. అంటే ర్యాంకు ఒక మెట్టు పెరగాలంటే అంతే ర్యాంకున్న ఇంకో గుంపు కావాలి. మెట్టు మెట్టుకూ ఉండాల్సిన ఊళ్ల సంఖ్య రెట్టింపవుతుంది. అందువల్ల పది లక్షల ఊళ్లున్నా లోతు 19 మెట్లు దాటదు.

దారి కుదింపు రెండో ఉపాయం. పెద్దను వెతుకుతూ పైకి వెళ్లినప్పుడు, దారిలో తగిలిన ఊళ్లన్నిటినీ నేరుగా పెద్ద కిందే రాసేస్తారు.

```python
def find(x):
    if p[x] != x:
        p[x] = find(p[x])
    return p[x]
```

మన లెక్కలో 2-4 రోడ్డును చూసినప్పుడే 4 పైన 3 బదులు 1 వచ్చి చేరింది. ఆ రోడ్డు లెక్కను మార్చకపోయినా, తర్వాతి వెతుకులాటను తగ్గించింది. ఈ రెండు ఉపాయాలూ కలిస్తే సగటు ఖర్చు ఎంత నెమ్మదిగా పెరుగుతుందో 1975లో రాబర్ట్ టార్జన్ నిరూపించారు. ఆ లెక్కలో వచ్చే అంకె, వాడుకలో ఎదురయ్యే ఏ నెట్‌వర్క్‌కూ 4 దాటదు.

అయితే ఈ పద్ధతికి కలపడమే తెలుసు, విడదీయడం తెలియదు. వరదకు 1-3 రోడ్డు తెగితే, కుదించిన దారుల్లో ఏ రోడ్డు వల్ల ఎవరు కలిశారో ఆనవాలు మిగలదు. తెగే రోడ్ల వరుస ముందే తెలిస్తే మాత్రం ఒక దారి ఉంది. అన్నీ తెగిపోయాక మిగిలే పటంతో మొదలుపెట్టి, చివర తెగినదాన్ని ముందుగా కలుపుతూ వెనక్కి వస్తారు.