అనువాదం కింద రాయవలసిన ఆ రెండు వాక్యాలు

పంజాగుట్ట, అమీర్‌పేటలలో "సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్" అన్న మాట చూసి, అనువాదకుడికి సర్కారు లైసెన్సు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ అటువంటి లైసెన్సు అడగదు. అనువదించిన మనిషి ఇచ్చే హామీనే అడుగుతుంది.

మాకు తెలిసిన ఒక ఆపాకు ఇదే అనుభవం. అమెరికా పౌరసత్వం వచ్చిన కూతురు తల్లిని తీసుకెళ్లేందుకు దరఖాస్తు పెట్టింది. కూతురి జనన ధ్రువపత్రం పంచాయతీ ఇచ్చినది, తెలుగులో ఉంది. ఒక సెంటర్‌వారు ఒక పేజీకి తొమ్మిది వందలు తీసుకుని, నోటరీ ముద్ర వేయించి ఇచ్చారు. కొన్ని నెలలకు మళ్లీ ఆధారం పంపమని ఉత్తరం వచ్చింది. ముద్ర ఉంది గానీ అనువాదకుడి ప్రకటన లేదు.

ఆ కాగితం నేను తిరిగి చేశాను. కింద రెండు వాక్యాలు రాశాను: ఇది పూర్తి, సరైన అనువాదం, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం నాకుంది. తర్వాత పేరు, సంతకం, చిరునామా, తేదీ. అంతే. కెనడాకైతే పద్ధతి వేరు. సర్టిఫైడ్ అనువాదకుడు కాకపోతే ప్రమాణపత్రం జతచేయాలి, ఇంటివాళ్లు అనువదించకూడదు.

అనువాదంలోనే అసలు చిక్కు పేర్లతో వస్తుంది. "షేక్ కరీం" అని తెలుగులో ఉంటే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాయవచ్చు. అందుకే ముందుగా పాస్‌పోర్టు అడిగి, అందులోని అక్షరాలే వాడతాను. కానీ పాస్‌పోర్టులో "బేగం" ఉండి పత్రంలో లేకపోతే చేర్చను. అది అనువాదం కాదు, దిద్దుబాటు. తేదీలో నెలను అంకెతో కాక పేరుతో రాస్తాను, ఎందుకంటే 5-6 అంటే మనకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. ముద్ర చదవడానికి వీల్లేకపోతే "ముద్ర, అస్పష్టం" అని రాయాలే గానీ వదిలేయకూడదు.

ధర విషయం. నేను పూర్తయిన ఇంగ్లీషులో 250 మాటలను ఒక పేజీగా లెక్కించి మూడు వందలు తీసుకుంటాను. చిన్న పత్రానికీ అదే కనీసం. చేతిరాత సేల్ డీడ్‌కు అయిదు వందలు. హద్దులు, గుంటలు, పాత దస్తావేజు మాటలు సమయం తింటాయి. పైగా ఒక తెలుగు షీటు టైపు చేస్తే రెండు పేజీలు కావచ్చు. కనుక కాగితం చూడకుండా ఫోన్‌లో ధర చెప్పను.

వీసాకు వచ్చే విద్యార్థి ఒకసారి వచ్చి వెళ్లిపోతాడు. నిలకడగా పని ఇచ్చేది వకీళ్లు, దస్తావేజు లేఖరులు, జిరాక్సు షాపులవాళ్లు. మొదట ఒక వకీలుకు రెండు పేజీలు చెప్పిన రోజుకే ఇచ్చాను. తర్వాత ఆయన తన కక్షిదారులను పంపసాగారు. ప్రతి పని ఫైలు దాచుకుంటాను. తప్పు దొరికితే, లేదా మరో ప్రతి కావాలంటే, అదే రోజు ఇవ్వగలను. ఒక కన్సల్టెన్సీ మాత్రం పుట్టిన సంవత్సరం "కాస్త సరిచేయమని" అడిగింది. ఆ పని వదులుకున్నాను. కింద సంతకం నాది.