లెక్క ఆరు అడుగులకు... వేసేది ఒక్కటే!

కరెంటు పొయ్యి మీద పాలు పెట్టారు. నురగ గిన్నె అంచుకు వచ్చాక స్విచ్చి కట్టేస్తే ఏమవుతుంది? కాయిల్ ఇంకా ఎర్రగానే ఉంటుంది కాబట్టి పాలు పొంగిపోతాయి. అలవాటైనవాళ్లు నురగ సగంలో ఉండగానే కట్టేస్తారు. వాళ్లు చూసేది ఇప్పుడున్న పాలను కాదు, మరో నిమిషం తర్వాత ఉండబోయే పాలను.

చమురుశుద్ధి కర్మాగారాల్లో ఇదే పని కంప్యూటర్ చేస్తుంది. దాని పేరు మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్. ముద్దుగా ఎంపీసీ. అమెరికాలో షెల్ ఆయిల్ కంపెనీ ఇంజినీర్లు 1973లోనే దీన్ని తొలిసారి వాడారు. చార్లెస్ కట్లర్, రామేకర్ 1979లో ఒక సదస్సులో ఆ పద్ధతిని బయటపెట్టారు. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లో జాక్ రిషలే బృందం కూడా సొంతంగా ఇలాంటి దారే కనిపెట్టింది.

ఫర్నేస్ దగ్గరకే వెళ్దాం. ముడిచమురును విడగొట్టే ముందు గొట్టాల్లో పారిస్తూ మంట మీద కాచాలి. చాలినంత వేడెక్కకపోతే డీజిల్, కిరోసిన్ సరిగా విడిపోవు. ఎక్కువైతే గొట్టాల లోపల బొగ్గు పేరుకుంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఇప్పుడు చమురు వేడి 352 డిగ్రీలు. కావలసింది 360. దాటకూడని గీత 362. ఇంధనం వాల్వు 70 శాతం తెరిచి ఉంది. నిమిషానికి 2 శాతం మించి కదపకూడదు. 75 శాతం దాటి తెరవకూడదు.

ఈ ఫర్నేస్ గుణం ఏమిటో ముందే తెలుసుకోవాలి. దానికి ఇంజినీర్లు చేసే పని చాలా మామూలుది. వాల్వును ఒక శాతం తెరిచి, ఇంకేమీ ముట్టుకోకుండా థర్మామీటర్‌ను గమనిస్తారు. మొదటి నిమిషంలో ఏమీ జరగదు. రెండో నిమిషానికి అర డిగ్రీ, మూడుకి ఒకటి, నాలుగుకి ఒకటిన్నర, అయిదుకి రెండు డిగ్రీలు పెరిగి అక్కడ ఆగుతుంది. ఈ చిన్న పట్టికే ‘మోడల్’. పేరు చూసి భయపడక్కర్లేదు!

ఇప్పుడు పట్టిక సంగతి తెలియని మనిషి వాల్వు దగ్గర కూర్చున్నాడనుకోండి. వేడి 360 చేరేదాకా నిమిషానికి 2 శాతం చొప్పున తెరుస్తూ పోతాడు (75 శాతం నియమం అతనికి ఎవరూ చెప్పలేదు). నాలుగో నిమిషంలో థర్మామీటర్ 358 చూపిస్తుంది. ఇంకా తక్కువే కదా అని అయిదోసారి తెరుస్తాడు. అయిదో నిమిషంలో 362. కంగారుపడి వాల్వు మూసినా ఆ మూత ఫలితం కనిపించేది రెండు నిమిషాల తర్వాతే. ఈలోగా ఆరో నిమిషంలో వేడి 366కి చేరుతుంది. నిజానికి మామూలు కంట్రోలర్లు మరీ ఇంత అమాయకంగా ఉండవు, నిదానంగా కదిలేలా సరిచేసి పెడతారు. కానీ ఆ నిదానంలో చమురు చాలాసేపు చాలీచాలని వేడితోనే వెళ్లిపోతుంది.

ఎంపీసీ పట్టిక తీసి లెక్క వేస్తుంది. ఎనిమిది డిగ్రీలు పెరగాలంటే మొత్తం 4 శాతం చాలు. ఇప్పుడు 2, వచ్చే నిమిషం 2. అంతే, ఆ తర్వాత చేతులు కట్టుకు కూర్చోవాలి. అప్పుడు వేడి నిమిషం నిమిషానికీ 352, 353, 355, 357, 359, చివరికి ఆరో నిమిషంలో 360 అవుతుందని దాని అంచనా.

అసలు కిటుకు ఇక్కడుంది. ఆరు నిమిషాల పథకం వేసినా, అందులో మొదటి అడుగు మాత్రమే అమలు చేస్తుంది. మిగతా పథకాన్ని పక్కన పడేస్తుంది! నిమిషం తర్వాత థర్మామీటర్ చూసి, అక్కడి నుంచి మళ్లీ ఆరు నిమిషాలకు కొత్త పథకం వేస్తుంది. మనం ఎంత నడిచినా దిగంతం అంతే దూరంలో ఉన్నట్టు, దాని చూపు కూడా ఎప్పుడూ ఆరు నిమిషాల ముందే ఉంటుంది. అందుకే దీన్ని ‘రిసీడింగ్ హొరైజన్’ అన్నారు.

వేసిన పథకాన్ని పారేయడం ఎందుకంటే, ఫర్నేస్ మన పట్టికను చదువుకుని రాలేదు. రెండో నిమిషంలో 353 ఉండాల్సింది 351 ఉందనుకోండి. లోపలికి వచ్చే చమురు చల్లబడి ఉండొచ్చు. కారణం ఏదైనా ఎంపీసీ పట్టించుకోదు. ‘రెండు డిగ్రీలు తగ్గింది, ఇకముందూ ఈ తేడా ఇలాగే ఉంటుంది’ అనుకుంటుంది. అలా అయితే చివరికి 358 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మరో ఒక శాతం తెరుస్తుంది. వాల్వు 75కి వచ్చింది.

చూపు ఎంత దూరం ఉండాలన్నది కూడా ముఖ్యమే. రెండు నిమిషాలే చూసే ఎంపీసీకి ఒక శాతానికి అర డిగ్రీయే పెరిగినట్టు కనిపిస్తుంది. ఎనిమిది డిగ్రీలకు 16 శాతం తెరవాలని తేల్చేస్తుంది. అందుకే ఒక కదలిక ఫలితం పూర్తిగా బయటపడేంత దూరమైనా చూడాలి.

ఇక హద్దుల సంగతి. చమురు ఇంకో రెండు డిగ్రీలు చల్లబడితే వాల్వు 76కి వెళ్లాలి, కానీ హద్దు 75. మామూలు కంట్రోలర్ హద్దుకు తగిలాక గానీ ఆగదు. ఎంపీసీ హద్దును లెక్కలోనే పెట్టుకుంటుంది కాబట్టి మంటతో ఇక పని జరగదని ముందే గ్రహిస్తుంది. చమురు ప్రవాహాన్ని తగ్గించే అధికారం కూడా దానికి ఇచ్చి ఉంటే, ఆ వాల్వును కాస్త మూసి 360 నిలబెడుతుంది. ఇలా హద్దుల మధ్య మంచి దారిని వెతకడానికి క్వాడ్రాటిక్ ప్రోగ్రామింగ్ అనే గణిత పద్ధతిని 1980లలో షెల్ ఇంజినీర్లే దీనికి జోడించారు.

అయితే హద్దులన్నీ ఒక్కటి కావు. వాల్వు మన చేతిలోది, దాన్ని 75 దగ్గర ఆపగలం. వేడి మన చేతిలో లేదు. ఏదో కారణంగా అది 364 అయిందనుకోండి. ‘వచ్చే నిమిషం నుంచి 362 దాటనే కూడదు’ అని పట్టుబడితే లెక్కకు జవాబే దొరకదు. ఎందుకంటే వాల్వు ఏం చేసినా ఫలితం రెండు నిమిషాల తర్వాతే కదా. జవాబు లేని కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. అందుకే వేడి గీతను ‘దాటితే భారీ జరిమానా’గా రాస్తారు. అప్పుడు దాటడం తప్పనిసరైనా, వీలైనంత తొందరగా వెనక్కి రావడానికి దారి వెతుకుతుంది.

ఇన్ని తెలివితేటలున్నా ఎంపీసీ చెడిపోదా అంటే, నెమ్మదిగా చెడిపోతుంది. గొట్టాల్లో బొగ్గు పేరుకునే కొద్దీ ఒక శాతానికి రెండు డిగ్రీలు పెరిగే ఫర్నేస్ ఒకటిన్నరే పెరుగుతుంది. పట్టిక మాత్రం పాతదే. దీన్ని పట్టుకోవాలంటే అంచనాకూ నిజానికీ తేడా ఎటు ఉందో చూడాలి. తేడా ఎప్పుడూ ఒకేవైపు, ఒకేలా ఉంటే అనుమానించాల్సింది థర్మామీటర్‌ను. వాల్వు తెరిచినప్పుడల్లా నిజం అంచనా కన్నా తక్కువగా, మూసినప్పుడల్లా ఎక్కువగా వస్తుంటే మోడల్ ముసలిదైందని అర్థం. వేడి రంపం పళ్లలా పైకీ కిందికీ ఊగుతుంటే, ఎంపీసీని ఆపి వాల్వును ఒకచోట నిలిపి చూస్తారు. ఊగడం ఆగితే, చెప్పినట్టు కదలకుండా పట్టేస్తున్న వాల్వును ముందుగా విప్పి చూస్తారు.

ఇంకో గుర్తు కంట్రోల్ రూంలో దొరుకుతుంది. నమ్మకం పోయిన ఆపరేటర్లు యంత్రాన్ని ఆపరు, పైహద్దునూ కిందిహద్దునూ దగ్గరికి లాగి దానికి కదిలే చోటు లేకుండా చేస్తారు. తెర మీద ‘ఆన్’ అనే ఉంటుంది. వాల్వు హద్దు 73.5, 74 మధ్య బిగించి ఉందంటే అక్కడ నడుపుతున్నది మనిషే. అప్పుడు ఇంజినీర్లు మళ్లీ మొదటికొచ్చి వాల్వును ఒక శాతం తెరిచి, ఇంకేమీ ముట్టుకోకుండా, గడియారం పట్టుకుని థర్మామీటర్ ముందు కూర్చుంటారు.