పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చౌకేనా?

ఈసారి మన గోడపత్రికకు నేను కిరాణా లెక్క ఒకటి రాస్తున్నాను. దసరా సెలవుల్లో మా అయ్యను కోప్పడి, తర్వాత నేనే తప్పు అని తెలుసుకున్న లెక్క ఇది.

మా అయ్య కొల్లేరు వైపు, కైకలూరు దగ్గర చేపల చెరువు మీద కాపలా పని చేస్తాడు. సెలవుల్లో అమ్మా నేనూ బుట్టాయగూడెం నుంచి బస్సులు మారి అక్కడికి వెళ్ళాం. గట్టు మీద గుడిసెలో అయ్యతో పాటు ఇంకో ఇద్దరు ఉంటారు. ముగ్గురికీ ఒకటే పొయ్యి. గుడిసె మూల చూస్తే ఖాళీ ప్యాకెట్లు కుప్పగా ఉన్నాయి. అన్నీ పది రూపాయలవే. టీ పొడి పది, కారం పది. అది చూసి నాకు కోపం వచ్చింది. "అయ్యా, ఇట్లా చిన్నచిన్నవి కొంటే డబ్బులన్నీ కొట్టు వాడికే పోతాయి. పెద్ద ప్యాకెట్టు కొనొచ్చుగా" అన్నాను. అయ్య ఏమీ అనలేదు. "నువ్వు సదువుకున్నావుగా, లెక్క కట్టి చెప్పమ్మా" అన్నాడు.

మర్నాడు నోటుబుక్కు పట్టుకుని కైకలూరులో కిరాణా కొట్టుకు వెళ్ళాను. ఒకే కంపెనీ టీ పొడి, ఒకే కంపెనీ కారం, అన్ని సైజుల్లోనూ ధర, బరువు రాసుకున్నాను. వేరు వేరు కంపెనీలవి కలిపి రాస్తే సరుకు నాణ్యం వేరు కాబట్టి లెక్క కుదరదు.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. ఇది మా అమ్మమ్మకు ముందే తెలుసు. సంతలో ఒకరు గింజలు సోలతో అమ్ముతారు, ఒకరు తవ్వతో అమ్ముతారు. అమ్మమ్మ చదువుకోలేదు గానీ, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని మనసులో తిప్పి, "మానిక ఎంత పడుద్ది?" అని అందరినీ ఒకే మాట అడుగుతుంది. మనం కూడా అంతే. ప్యాకెట్టు ఏ సైజుదైనా "కిలో ఎంత పడుద్ది?" అని అడగాలి. ధరను 1000తో గుణించి, గ్రాములతో భాగించాలి. 100 గ్రాములదైతే ధరను 10తో గుణిస్తే చాలు. 200 అయితే 5తో, 250 అయితే 4తో, 500 అయితే 2తో. 30, 20 లాంటి బరువులకు మాత్రం భాగహారం చెయ్యాల్సిందే.

టీ పొడి పట్టిక

| బరువు | ధర (రూ.) | కిలోకు (రూ.) |
|---|---|---|
| 30 గ్రా. | 10 | 333.33 |
| 100 గ్రా. | 38 | 380 |
| 250 గ్రా. | 90 | 360 |
| 500 గ్రా. | 165 | 330 |

చూశారా? అన్నిటికంటే ఖరీదు పది రూపాయలది కాదు, 100 గ్రాములది. పది రూపాయల ప్యాకెట్టుకూ అరకిలో ప్యాకెట్టుకూ కిలో మీద తేడా 3 రూపాయల 33 పైసలే. గుడిసెలో రోజుకు ఒక ప్యాకెట్టు అయిపోతుంది. నెలకు 30 ప్యాకెట్లు, అంటే 900 గ్రాములు, 300 రూపాయలు. అంత పొడే అరకిలో ప్యాకెట్ల ధర లెక్కన 297 రూపాయలు. నెలకు 3 రూపాయల కోసం నేను అయ్యను అన్ని మాటలు అన్నాను. నా మాట విని 100 గ్రాములది కొని ఉంటే 900 గ్రాములకు 342 రూపాయలు అయ్యేది. 42 రూపాయలు నష్టం!

ఎందుకిలా అంటే, పది రూపాయల ప్యాకెట్టుకు ధర కదలదు. సరుకు ఖరీదు పెరిగితే కంపెనీ లోపల గ్రాములు తగ్గిస్తుంది. అందుకే దాని మీద 30, 28 లాంటి బరువులు ఉంటాయి. పది రూపాయలే కదా అని మనం బరువు చూడం. ఈ నెల లెక్క వచ్చే నెలకు పనికి రాకపోవచ్చు. ధర మారకపోయినా "నెట్ క్వాంటిటీ" అని ఉన్న చోట అంకె చూడాలి.

కారం పట్టిక

| బరువు | ధర (రూ.) | కిలోకు (రూ.) |
|---|---|---|
| 20 గ్రా. | 10 | 500 |
| 100 గ్రా. | 42 | 420 |
| 200 గ్రా. | 80 | 400 |
| 500 గ్రా. | 180 | 360 |

ఇక్కడ మాత్రం నా మాటే నిజమైంది. ఒకే కొట్టులో, ఒకే పది రూపాయలు. టీ పొడికి చిన్నది మంచిదే, కారానికి చిన్నది చేటు. రోజుకు ఒక ప్యాకెట్టు చొప్పున 25 రోజులకు 500 గ్రాముల కారం, 250 రూపాయలు. అరకిలో ప్యాకెట్టు ఒక్కటి కొంటే 180. మిగిలేది 70 రూపాయలు. కాబట్టి "పెద్దదే చౌక" అనీ అనకూడదు, "చిన్నదే చౌక" అనీ అనకూడదు. సరుకు సరుకుకూ పట్టిక వెయ్యాలి.

పట్టిక ఎందుకు, ప్యాకెట్టు మీదే రాసి ఉంటుందిగా అని మీరు అడగొచ్చు. నిజమే. ప్యాకెట్ల సరుకులకు 2011 నాటి తూనికలు కొలతల నియమాలు ఉన్నాయి. వాటిని 2021లో మార్చారు. అంతకు ముందు టీ పొడి, బిస్కెట్లు, నూనె లాంటి కొన్ని సరుకులను ఫలానా బరువుల్లోనే అమ్మాలని ఉండేది. అది తీసేసి, దాని బదులు ఎం.ఆర్.పి.తో పాటు "యూనిట్ సేల్ ప్రైస్" కూడా అచ్చు వెయ్యాలన్నారు. కిలో కంటే తక్కువ ప్యాకెట్టు మీద గ్రాముకు ఎంతో వేస్తారు. కిలో కంటే ఎక్కువ ఉంటే కిలోకు ఎంతో వేస్తారు. ఇది మంచిదే గానీ దాన్ని చదివేటప్పుడు రెండు చోట్ల మోసపోతాం.

మొదటిది, పైసలు. ఆ అంకెను దశాంశం తర్వాత రెండు స్థానాలకు సవరించి వేస్తారు. గ్రాము మీద ఒక్క పైసా అంటే కిలో మీద 10 రూపాయలు! నా టీ పొడిలో 30 గ్రాముల ప్యాకెట్టు మీదా, 500 గ్రాముల దాని మీదా ఒకటే ఉంది, గ్రాము 0.33. కిలో మీద ఉన్న తేడా అందులో కనిపించలేదు. చౌక సరుకులకు ఇంకా ఎక్కువ మోసం. అరకిలో ఉప్పు 12 రూపాయలు అనుకోండి. గ్రాముకు 0.024 పడుతుంది. అచ్చులో 0.02 అని వస్తుంది. దాన్ని చూసి కిలో 20 అనుకుంటాం. నిజానికి కిలో 24. పక్కనే కిలో ప్యాకెట్టు 22 రూపాయలకు ఉంటే, చౌకగా ఉన్న దాన్ని ఖరీదు అనుకుని వదిలేస్తాం.

రెండోది, ఆ అంకె ఎం.ఆర్.పి. మీద వేసినది. కొట్టువాడు తగ్గించి ఇస్తే అది పనికి రాదు. నేను రాసుకున్న అరకిలో కారం ప్యాకెట్టు మీద 200 రూపాయలు, గ్రాముకు 0.40 అని ఉంది. కొట్టతను 180కే ఇచ్చాడు. అంటే గ్రాముకు 0.36. మన చేతిలోంచి పోయే డబ్బుతోనే లెక్క కట్టాలి.

తిరిగి వచ్చేటప్పుడు తాడేపల్లిగూడెంలో మా అత్త ఇంట్లో ఒక రాత్రి ఉన్నాం. అత్త పునుగుల బండి నడుపుతుంది. నా నోటుబుక్కు చూసి నూనె సంగతి అడిగింది. "15 లీటర్ల డబ్బా రెండు వేలు, 15 కిలోల డబ్బా రెండు వేల నూట ముప్పై. నేను లీటర్లదే తెస్తున్నా, నూట ముప్పై తక్కువని" అంది. నూనె నీళ్ళ కంటే తేలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. అంటే 15 లీటర్ల డబ్బాలో ఉన్నది 13 కిలోల 650 గ్రాములు. 2000ను 13.65తో భాగిస్తే కిలో 146 రూపాయల 52 పైసలు. 15 కిలోల డబ్బా అయితే 2130ని 15తో భాగిస్తే కిలో 142. తక్కువ డబ్బు పెట్టి ఎక్కువ రేటుకు కొంటున్నది అత్త. ఒక దాని మీద లీటర్లు, ఒక దాని మీద కిలోలు ఉంటే ముందు రెంటినీ కిలోలోకి తెచ్చుకోవాలి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో బరువు కూడా ఉంటుంది, వెతకాలి.

ఇంక పట్టికలో కనపడని ఖర్చులు ఉన్నాయి. అవి నాకు అయ్యే చెప్పాడు. కొల్లేరు గట్టు మీద గాలి చెమ్మగా ఉంటుంది. విప్పిన కారం ప్యాకెట్టు ఉండ కట్టి బూజు పడుతుంది. అరకిలోలో 100 గ్రాములు పారేస్తే, వాడింది 400 గ్రాములే. 180 రూపాయలకు 400 గ్రాములంటే కిలో 450 పడింది. అప్పుడు 100 గ్రాముల ప్యాకెట్టే నయం, అది 420. పారేసింది 140 గ్రాములైతే కిలో 500, అంటే పది రూపాయల ప్యాకెట్టుతో సమానం. అంతకు మించి పాడైతే నష్టమే. కాబట్టి కొన్న బరువుతో కాదు, కూరలో పడ్డ బరువుతో భాగించాలి.

ఇంకొకటి ఆటో. గట్టు మీద చిన్న కొట్టులో చిన్న ప్యాకెట్లే దొరుకుతాయి. పెద్దవి కావాలంటే కైకలూరు పోవాలి. షేర్ ఆటోకు పోను రాను 40 రూపాయలు. కారంలో మిగిలిన 70లో 40 ఆటోకే పోతే మిగిలేది 30. నాలుగు సరుకులు ఒకే రోజు తెచ్చుకుంటేనే ఆ ప్రయాణానికి అర్థం.

అన్నిటి కంటే పెద్దది, ఒకేసారి 180 రూపాయలు చేతిలో ఉండటం. అయ్యకు వారానికొకసారి డబ్బులిస్తారు. వారం చివర పది రూపాయలు ఉంటే పది రూపాయల ప్యాకెట్టే కొనగలడు. అది లెక్క రాక కాదు. ఈ మాట నాకు ముందు తోచలేదు.

మేము బయలుదేరే ముందు ముగ్గురూ తలా 60 రూపాయలు వేసుకుని అరకిలో కారం తెచ్చుకున్నారు. అమ్మ దాన్ని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, తడి స్పూను పెట్టొద్దని చెప్పింది. టీ పొడి మాత్రం పది రూపాయలదే. "అయ్యా, టీ పొడి సంగతి నువ్వు చేసిందే రైటు" అన్నాను. "కారం సంగతి నువ్వు చెప్పిందే రైటు" అని నవ్వాడు.

ఈ కాగితం కింద ఖాళీ పట్టిక ఒకటి గీశాను. బరువు, ఇచ్చిన ధర, కిలోకు ఎంత అని మూడు గళ్ళు. ఆదివారం ఇంటికి వెళ్ళొచ్చే వాళ్ళు ఒక్కో సరుకు రెండు సైజుల్లో చూసి, పెన్సిలుతో నింపండి. తేదీ కూడా వెయ్యండి, ఎందుకంటే గ్రాములు మారుతుంటాయి.