పండగ దాటాక వచ్చే రీల్

దీపావళి గిఫ్ట్ బాక్సుల కోసం కొర్రలడ్డూలు, రాగిలడ్డూలు చేసి అమ్మే చిన్న వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. యజమానురాలు ఒక ఫుడ్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో 80,000 రూపాయలకు ఒప్పందం చేసుకుంది. రెండు రీల్స్, ఒక్కోటి 30,000. నాలుగు స్టోరీలు, ఒక్కోటి 5,000. సగం అడ్వాన్స్, అంటే 40,000 ముందే వెళ్లిపోయింది. మొదటి రీల్ పండగకి 20 రోజుల ముందు రావాలి, రెండోది 10 రోజుల ముందు. ఏ రీలైనా పోస్టు చేసే ముందు డ్రాఫ్టు చూపించాలి. ఇది నేను అల్లిన లెక్కే, కానీ ఇందులో జరిగేవన్నీ ఎక్కడో ఒకచోట జరుగుతున్నవే.

ఇరవయ్యో రోజు వచ్చింది, రీల్ రాలేదు. వాట్సాప్‌లో అడిగితే "షూటింగ్‌లో ఉన్నానండీ, రేపు పక్కా" అని జవాబు. మన యజమానురాలు చాలామంది చేసే పనే చేసింది. "పర్లేదండీ, వీలు చూసుకుని పెట్టండి" అని బదులిచ్చి, కింద దండం బొమ్మ పెట్టింది.

ఈ మర్యాద ఖరీదైనది. భారత ఒప్పందాల చట్టం 1872లో 55వ సెక్షన్ ఉంది. గడువే ప్రాణమైన ఒప్పందంలో పని గడువుకి జరగకపోతే, ఎదుటివాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అలా చేయకుండా ఆలస్యంగా వచ్చిన పనిని ఒప్పుకుంటే మాత్రం, ఆ ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడగలేరు. ఒప్పుకునేటప్పుడే "పరిహారం అడిగే హక్కు వదులుకోవడం లేదు" అని తెలియజేస్తేనే ఆ దారి తెరిచి ఉంటుంది. అందుకే పంపాల్సిన మెసేజ్ ఇలా ఉండాలి: "అండీ, మొదటి రీల్ గడువు నిన్నటితో అయిపోయింది. శుక్రవారం సాయంత్రం 6 గంటలలోపు డ్రాఫ్టు పంపితే తీసుకుంటాం. ఆలస్యానికి ఒప్పందం ప్రకారం కోత, నష్టపరిహారం అడిగే హక్కు మాకు ఉంటుంది. శుక్రవారం దాటితే ఈ రీల్ మాకు అక్కర్లేదు." ఇందులో కోపం లేదు, దండం బొమ్మా లేదు. దీన్ని వాట్సాప్‌తో పాటు ఈమెయిల్‌లో కూడా పంపడం మేలు.

గడువే ప్రాణమని ఎలా తెలుస్తుంది? ఒప్పందంలో తేదీ ఒక్కటే రాస్తే చాలదు. "ఇది దీపావళి అమ్మకాల కోసం, పండగ దాటాక ఈ పోస్టుల వల్ల మాకు ఉపయోగం లేదు" అన్న ముక్క కూడా ఉంటే తర్వాత వాదన తేలికవుతుంది.

మన కథలో మొదటి రీల్ 8 రోజులు ఆలస్యంగా వచ్చింది. డ్రాఫ్టు చూపించకుండా నేరుగా పోస్టయింది. అందులో ఒక మాట దొర్లింది: "షుగర్ ఉన్నవాళ్లు ఇవి రోజూ తింటే మందులు మానేయొచ్చు."

ఇన్‌ఫ్లుయెన్సర్ బ్రీఫ్ తప్పడం అంతా ఒక రకం కాదు. చీర రంగు నచ్చలేదు, పాట బాగాలేదు, మన లోగో రెండు సెకన్లే కనిపించింది వంటివి చాలావరకు అభిరుచి గొడవలు. బ్రీఫ్‌లో రాయని వాటి మీద డబ్బు కోయాలనుకుంటే ఓడేది మనమే. పైన చెప్పిన మాట అలాంటిది కాదు. మధుమేహం నయమవుతుందనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 10 లక్షల వరకు జరిమానా పడొచ్చు. అది తయారీదారుకీ పడొచ్చు, ప్రచారం చేసినవారికీ పడొచ్చు. డబ్బు తీసుకుని చేస్తున్న ప్రచారమని స్పష్టంగా చెప్పకపోవడం కూడా ఈ కోవలోకే వస్తుంది. కాబట్టి ఇక్కడ గొడవ ఇద్దరి మధ్యే ఆగదు, ఆ రీల్ గంటల్లో దిగిపోవాలి.

దించమని ఫోన్ చేసే ముందు ఒక పని ఉంది. రీల్ మొత్తాన్ని, కింది క్యాప్షన్‌నీ, తేదీ, లింకు కనపడేలా స్క్రీన్ రికార్డింగ్ చేసి దాచుకోవాలి. తీసేశాక తప్పు జరిగిందనడానికి మన దగ్గర ఏమీ మిగలదు. స్టోరీలైతే 24 గంటలకే మాయమవుతాయి. ఇప్పటి సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 2023, 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకి ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది. అందుకే ఏ ఫోన్‌లో రికార్డు చేశారో ఆ ఫోన్‌ని పారేయకండి.

ఆ మాట కోసేసి, మరుసటి రోజు రీల్‌ని మళ్లీ పెట్టారు. స్టోరీలు రెండే వచ్చాయి. రెండో రీల్ రానే లేదు. ఇప్పుడు లెక్క చూద్దాం. ఆలస్యానికి రోజుకి 5 శాతం, గరిష్ఠంగా 25 శాతం కోత అని ఒప్పందంలో ఉంది. 8 రోజులకు 40 శాతం కావాలి కానీ గరిష్ఠం దగ్గర ఆగుతుంది, అంటే 7,500. మొదటి రీల్‌కి 22,500 చెల్లుతుంది, స్టోరీలకు 10,000. మొత్తం 32,500. ఇచ్చింది 40,000. కాబట్టి బ్యాలెన్స్ ఇవ్వక్కర్లేదు, పైగా 7,500 వెనక్కి రావాలి. ఒప్పందంలో 80,000 అని ఒకే ముద్దగా రాసి, ఏ రీల్‌కి ఎంతో విడగొట్టి ఉండకపోతే ఈ లెక్క తేలేదే కాదు. నా అనుభవంలో గొడవలు ముదిరేది ఎక్కువగా ఇక్కడే.

"గడువు తప్పితే 10 లక్షల జరిమానా" అని రాయించుకునేవాళ్లూ ఉన్నారు. 74వ సెక్షన్ ప్రకారం రాసిన మొత్తం పైపరిమితి మాత్రమే, కోర్టు అందులో సమంజసమైనంతే ఇస్తుంది. ఇక "రెండో రీల్ వచ్చుంటే 500 ఆర్డర్లు వచ్చేవి" అన్న వాదన దాదాపు నిలవదు, ఆ ఆర్డర్లు వచ్చేవని చూపించలేరు కాబట్టి. ఆమె ఫొటోతో అచ్చేయించిన పెట్టెల బిల్లు చూపించగలరు, ఆ విషయం ఆమెకు ముందే తెలిసుంటే ఇంకా మంచిది. రెండో రీల్ చేయించమని మాత్రం ఏ కోర్టూ బలవంతపెట్టదు. ఒక మనిషి ప్రత్యేక నైపుణ్యం మీద ఆధారపడిన పనిని బలవంతంగా చేయించడం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద కుదరదు.

అవతలివైపు కూడా వినాలి. లడ్డూల పార్సిల్ వారం లేటుగా చేరినా, బ్రీఫ్ మూడుసార్లు మారినా, డ్రాఫ్టు మన ఇన్‌బాక్సులోనే నాలుగు రోజులు పడి ఉన్నా ఆ రోజులు ఆమె ఖాతాలో వేయడం న్యాయం కాదు, చట్టమూ ఒప్పుకోదు. కోత లెక్క వేసే ముందు ఎవరి వల్ల ఏ రోజు పోయిందో ఒక కాగితం మీద రాసుకోండి.

7,500 కోసం కోర్టుకెళ్తే లాయరు ఫీజే ఎక్కువవుతుంది. వ్యాపారం కోసం చేసిన ఖర్చు కాబట్టి వినియోగదారుల ఫోరం దారి కూడా ఉండదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ పెట్టుకోవచ్చు. అంతకంటే ముందు ఒక ఈమెయిల్ సరిపోవచ్చు. లెక్క మొత్తం వివరంగా రాసి, రెండో రీల్, మిగతా స్టోరీలు రద్దయ్యాయని చెప్పి, 7,500 ఫలానా తేదీలోపు పంపితే ఇద్దరికీ ఇక బాకీ లేదని అందులో ఉండాలి. "సంక్రాంతి కొలాబ్‌లో సర్దుకుందాం అండీ" అని ఆమె అడగొచ్చు. నేనైతే డబ్బే తీసుకుంటాను.